మెడ గీత తెగిన తర్వాత

2009 జూలై మొదటి వారంలో అమెరికా స్టాక్ మార్కెట్ గురించి మాట్లాడేవారి నోట 'హెడ్ అండ్ షోల్డర్స్' అనే మాట తరచుగా వినిపించింది. 2007 అక్టోబరు 9న 1565.15 దగ్గర ముగిసిన ఎస్ అండ్ పీ 500 సూచీ 2009 మార్చి 9 నాటికి 676.53కు పడిపోయింది. అంటే పదిహేడు నెలల్లో సగానికన్నా ఎక్కువ విలువ కరిగిపోయింది. అక్కడినుంచి జూన్ రెండో వారానికి సూచీ దాదాపు నలభై శాతం కోలుకుంది. పదవీ విరమణ కోసం దాచుకున్న పొదుపులో సగం పోగొట్టుకున్నవారికి అప్పుడు ఎదురైన ప్రశ్న ఒక్కటే: ఈ కోలుకోవడం నిజమైనదా, లేక మరొక పతనానికి ముందు వచ్చిన తాత్కాలికమైన ఊరటా?

ధరల పటాలను చదివేవారు ఆ ప్రశ్నకు పటంలోనే జవాబు కనిపిస్తున్నదని అన్నారు. మే, జూన్ నెలల కదలికలో ఒక తల, దానికి చెరోవైపు ఒక భుజం ఏర్పడ్డాయి. జూలై 7న సూచీ మెడ గీతను తెంచుకుని కిందికి దిగింది. పాఠ్యపుస్తకాల ప్రకారం ఇది పెరుగుదల ముగిసిందనడానికి గుర్తు. ఎంత దూరం పడుతుందో చెప్పే లెక్క కూడా ఉంది. పడలేదు. రెండు వారాలు తిరగకుండానే సూచీ ఆ తలను దాటి పైకి వెళ్ళింది. ఆకృతి ఎలా ఏర్పడుతుంది, లక్ష్యాన్ని ఎలా కొలుస్తారు, అది తప్పిందని ఎప్పుడు, ఎలా తెలుస్తుంది అన్న మూడు విషయాలనూ ఈ ఒక్క ఉదంతం ఆధారంగా పరిశీలించవచ్చు.

ఆకృతి వెనక ఉన్న ఊహ

పెరుగుతున్న ధర ఒక్క తీరున పెరగదు. కొంత ఎక్కి, కొంత దిగి, మళ్ళీ ఎక్కుతుంది. పెరుగుదల ఆరోగ్యంగా ఉన్నంతకాలం ప్రతి శిఖరమూ వెనకటి శిఖరంకన్నా ఎత్తుగా, ప్రతి పల్లమూ వెనకటి పల్లంకన్నా ఎత్తుగా ఉంటుంది. ఈ వరస ఎక్కడ చెడుతుందో గుర్తించడానికి చేసిన ప్రయత్నమే తలాభుజాల ఆకృతి.

మొదట ధర ఒక శిఖరాన్ని చేరి వెనక్కి తగ్గుతుంది. ఇది ఎడమ భుజం. తరువాత ఇంకా ఎత్తైన శిఖరాన్ని చేరుతుంది. ఇది తల. ఇంతవరకు అసాధారణమైనది ఏమీ లేదు. పెరుగుతున్న ధర చేయవలసిన పనే అది. అయితే తల నుంచి దిగినప్పుడు ధర దాదాపు మొదటి పల్లం వరకూ వచ్చేస్తుంది. ఇది మొదటి అనుమానం. ఆ తరువాత మళ్ళీ ఎక్కుతుంది గాని తలను అందుకోలేక, ఎడమ భుజమంత ఎత్తులోనే ఆగిపోతుంది. ఇది కుడి భుజం, రెండో అనుమానం. కొనేవారి ఉత్సాహం తగ్గిందని, అమ్మేవారు మునుపటికన్నా తక్కువ ధరకే అమ్మడానికి సిద్ధపడుతున్నారని దీనికి చెప్పే అర్థం.

రెండు పల్లాలను కలుపుతూ గీసే గీతను నెక్‌లైన్, అంటే మెడ గీత అంటారు. ధర దిగివచ్చిన రెండుసార్లూ కొనేవారు ముందుకు వచ్చిన చోటు అది. మూడోసారి దిగినప్పుడు అక్కడ కొనేవారు కనిపించకపోతే, గత రెండు నెలల్లో కొన్నవారిలో చాలామంది నష్టంలోకి జారుకుంటారు. వారిలో కొందరు అమ్మక తప్పదు. ఆ అమ్మకాలు ధరను ఇంకా కిందికి తోస్తాయి. మెడ గీత తెగడానికి అంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే. గీత తెగేవరకు ఆకృతి పూర్తి కానట్టే లెక్క. అంతవరకు అది మూడు శిఖరాల బొమ్మ మాత్రమే.

ఇక్కడ రెండు షరతులు ఉన్నాయి. ముందు తగినంత పెరుగుదల ఉండాలి. తిప్పడానికి ఒక దిశంటూ లేనిచోట దిశ మారిందనడంలో అర్థం లేదు. రెండోది, క్రయవిక్రయాల పరిమాణం తల దగ్గర, ఆపైన కుడి భుజం దగ్గర క్రమంగా తగ్గుతూ రావాలని, గీత తెగేటప్పుడు పెరగాలని సంప్రదాయం చెబుతుంది. ఈ బొమ్మనే తలకిందులు చేస్తే, పడుతున్న ధర పైకి తిరగడాన్ని సూచించే ఆకృతి వస్తుంది. లెక్కలన్నీ అవే, దిశ ఒక్కటే మారుతుంది.

గీత గీయడం, లక్ష్యాన్ని కొలవడం

2009లో సూచీ ముగింపు విలువలను వరసగా చూస్తే ఆకృతి స్పష్టంగా కనిపిస్తుంది.

- మే 8, ఎడమ భుజం: 929.23
- మే 15, మొదటి పల్లం: 882.88
- జూన్ 12, తల: 946.21
- జూన్ 22, రెండో పల్లం: 893.04
- జూన్ 29, కుడి భుజం: 927.23

భుజాల మధ్య తేడా రెండే పాయింట్లు. పల్లాల మధ్య తేడా పది పాయింట్లకు కొంచెం ఎక్కువ. రెండో పల్లం కొంచెం ఎత్తుగా ఉండటంవల్ల మెడ గీత ఎడమనుంచి కుడికి స్వల్పంగా పైకి వాలి ఉంటుంది. మే 15 నుంచి జూన్ 22 వరకు మార్కెట్ పనిచేసిన రోజులు ఇరవై ఐదు. కాబట్టి గీత రోజుకు సుమారు 0.41 పాయింటు చొప్పున పెరుగుతున్నట్టు.

లక్ష్యాన్ని కొలిచే పద్ధతి సులువైనది. తల నుంచి, సరిగ్గా దాని కింద ఉన్న మెడ గీత వరకు నిలువుగా ఎత్తు కొలవాలి. గీత ఎక్కడ తెగిందో అక్కడి గీత విలువ నుంచి ఆ ఎత్తును తీసివేయాలి. తల ఏర్పడిన జూన్ 12న గీత 890.6 దగ్గర ఉంది. తల 946.2. ఎత్తు 55.6. జూలై 7 నాటికి గీత 897.1కి చేరింది. అందులోంచి 55.6 తీసివేస్తే 841.5 వస్తుంది. అదే ఈ ఆకృతి చెప్పిన లక్ష్యం.

ఇందులో ఒక చిన్న పొరపాటు తరచుగా జరుగుతుంది. గీత వాలుగా ఉన్నప్పుడు కొందరు తల ఎత్తును పల్లాల్లో ఒకదాని నుంచి కొలుస్తారు, లేదా వాలును పట్టించుకోకుండా గీతను అడ్డంగా గీస్తారు. ఇక్కడ దిగువ పల్లమైన 882.88 మీదుగా అడ్డగీత గీస్తే తల ఎత్తు 63.3 అవుతుంది, లక్ష్యం 819.6కు దిగుతుంది. ఒకే బొమ్మ, ఒకే అంకెలు. కానీ గీత గీసే తీరునుబట్టి లక్ష్యంలో ఇరవై రెండు పాయింట్ల తేడా వచ్చింది. ముగింపు ధరలకు బదులు ఆ రోజు తాకిన అతి తక్కువ ధరలను తీసుకుంటే మరొక గీత, మరొక లక్ష్యం వస్తాయి. అందువల్ల లక్ష్యాన్ని దశాంశాలతో చెప్పడం అనవసరమైన కచ్చితత్వం. 820కీ 840కీ మధ్య అని చెప్పుకోవడమే నిజాయతీ.

అసలు ఆ ఎత్తు అంత దూరమే పడాలని ఎందుకు అనుకోవాలి? దానికి గట్టి సిద్ధాంతం ఏమీ లేదు. గీతకు పైన ధర ఎంత వెడల్పుగా ఊగిందో, గీతకు కింద కూడా కనీసం అంత కదలిక ఉంటుందని అనుభవంనుంచి పుట్టిన ఒక ఊహ అది. దాన్ని అంచనాగా వాడుకోవచ్చు గాని హామీగా తీసుకోరాదు.

ఏం జరిగింది

జూలై 2న అమెరికా ప్రభుత్వం జూన్ నెల ఉద్యోగాల లెక్క ప్రకటించింది. ఆ నెలలో 467,000 ఉద్యోగాలు పోయాయన్న ఆ వార్తకు సూచీ ఒక్క రోజులో 923.33 నుంచి 896.42కు పడింది. ఆ రోజు మెడ గీత విలువ 896.29. అంటే సూచీ గీత దగ్గరకు వచ్చి, దాదాపు దాని మీదే ఆగింది. జూలై 6న 898.72 దగ్గర ముగిసి గీతకు పైనే నిలిచింది. కుడి భుజాన్ని చూసి ముందే అమ్మినవారికి ఈ రెండు రోజులూ ఏ జవాబూ ఇవ్వలేదు.

జూలై 7న సూచీ 881.03 దగ్గర ముగిసింది. గీతకు పదహారు పాయింట్లు కింద. ఏ రకంగా చూసినా గీత తెగింది. మర్నాడు మధ్యలో 869.32 వరకూ దిగి, 879.56 దగ్గర ముగిసింది. 9న 882.68. జూలై 10, శుక్రవారం 879.13. నాలుగు రోజులు గీతకు కిందే గడిచాయి. కానీ ఆ నాలుగు రోజుల్లోనూ సూచీ మొదటి రోజు ముగింపుకన్నా చెప్పుకోదగినంతగా దిగలేదు. తెగిన గీతకింద పతనం వేగం పుంజుకోవాలన్నది ఈ ఆకృతి ఇచ్చే మాట. ఇక్కడ తెగడం ఉంది, పతనం లేదు. వైఫల్యానికి మొదటి ఆనవాలు ఇదే.

జూలై 13, సోమవారంనాడు బ్యాంకుల విశ్లేషకురాలు మెరిడిత్ విట్నీ గోల్డ్‌మన్ శాక్స్ షేరును కొనదగినదిగా సిఫారసు చేసింది. సూచీ 901.05 దగ్గర ముగిసింది. గీత అప్పటికి 898.7 దగ్గర ఉంది. 14 సాయంత్రం ఇంటెల్ సంస్థ ఊహించినదానికన్నా మెరుగైన ఫలితాలు ప్రకటించింది. 15న సూచీ 932.68కి ఎగసి కుడి భుజాన్ని దాటింది. జూలై 20న 951.13 దగ్గర ముగిసి తలను కూడా దాటింది. 841కి వెళ్ళవలసిన సూచీ ఆగస్టు 3న 1002.63 దగ్గర ఉంది.

ఈ వేగానికి వార్తలు ఒక్కటే కారణం కాకపోవచ్చు. గీత తెగినప్పుడు సూచీ పడుతుందని షార్ట్ చేసినవారు, అంటే లేని షేర్లను ముందే అమ్మినవారు, తమ నష్టాన్ని పరిమితం చేసుకోవడానికి గీతకు పైన, కుడి భుజానికి పైన స్టాప్ ఆర్డర్లు ఉంచుతారు. అవి కొనుగోలు ఆర్డర్లు. ధర అక్కడికి తిరిగి వస్తే వారే కొనేవారై ధరను ఇంకా పైకి తోస్తారు. ఎక్కువమంది కంటికి కనిపించిన ఆకృతి తప్పినప్పుడు ఎదురు కదలిక ఎంత బలంగా ఉండగలదో చెప్పే వివరణ ఇది.

తప్పే తీరులు

ఈ ఉదంతంనుంచి వైఫల్యాలను నాలుగు రకాలుగా విడదీయవచ్చు.

మొదటిది, పూర్తికాని ఆకృతిని పూర్తయినట్టు భావించడం. కుడి భుజం ఏర్పడుతుండగానే 'తలాభుజాలు వచ్చాయి' అనడం నిజానికి ఆకృతి తప్పడం కాదు, చదివినవారు తప్పడం. అలాంటి బొమ్మల్లో చాలావాటికి గీత ఎప్పుడూ తెగదు. ధర గీత మీద నిలబడి మళ్ళీ పైకి పోతుంది. ఇంకా విచిత్రం, గీత తెగని బొమ్మలు తరువాత ఎవరికీ గుర్తుండవు. గీత తెగి ధర పడినవి మాత్రం పుస్తకాలకెక్కుతాయి. ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే చూసి ఒక లక్షణం ఊరంతటా ఎంత ప్రమాదకరమో నిర్ణయించడంలాంటి పొరపాటు ఇది.

రెండోది, గీత తెగి ధర వెనక్కి రావడం. జూలై ఉదంతం ఈ కోవలోనిదే. దీన్ని గుర్తించడం అనుకున్నంత సులువు కాదు. గీతను తెంచుకున్న ధర ఒకసారి కిందినుంచి గీతను తాకి, ఆ తరువాత అసలు పతనం మొదలుపెట్టడం మామూలుగా జరిగేదే. దాన్ని పుల్‌బ్యాక్ అంటారు. జూలై 13 సాయంత్రం సూచీ గీతకు రెండు పాయింట్ల పైన ఉంది. అది మామూలు పుల్‌బ్యాకో, వైఫల్యమో ఆ సాయంత్రం పటం చూసి ఎవరూ తేల్చలేరు. రెండు రోజుల తరువాత కుడి భుజాన్ని దాటినప్పుడు మాత్రమే సందేహం తీరింది. తలకన్నా తక్కువ ఎత్తులో ఆగిపోయిందన్న వాదనకు కుడి భుజమే ఆధారం. ధర దాన్ని దాటితే వాదనకు ఆధారమే ఉండదు.

మూడోది, దిశ సరైనదైనా లక్ష్యం చేరకపోవడం. గీత తెగి ధర కొంత పడుతుంది, లక్ష్యానికి సగం దూరంలో ఆగి వెనక్కి తిరుగుతుంది. ఆకృతి నిజమేనని లక్ష్యం కోసం ఎదురుచూసినవారు వచ్చిన లాభాన్ని తిరిగి ఇచ్చేస్తారు. లక్ష్యం దారిలో పాత పల్లాలో, మునుపు ఎక్కువ క్రయవిక్రయాలు జరిగిన చోట్లో ఉంటే ఇలా జరగడానికి అవకాశం ఎక్కువ.

నాలుగోది, పెద్ద ప్రవాహానికి ఎదురుగా చిన్న బొమ్మను చదవడం. 676 నుంచి 946 వరకు సూచీ 270 పాయింట్లు పెరిగింది. ఆ పెరుగుదల మీద ఏర్పడిన తల ఎత్తు 56 పాయింట్లు. లక్ష్యం నెరవేరి ఉన్నా, వచ్చిన పెరుగుదలలో ఐదింట రెండు వంతులకన్నా తక్కువే పోయేది. ఇంకో మాటలో చెప్పాలంటే, మార్చి పల్లానికి మళ్ళీ పడిపోతామన్న భయాన్ని ఈ ఆకృతి ఏనాడూ సమర్థించలేదు. ఆ జూలైలో పటం చెప్పినదానికీ భయం విన్నదానికీ మధ్య ఉన్న దూరం అది. మొత్తం పొదుపును ఆ వారంలో నగదుగా మార్చుకున్నవారు ఆకృతి అడిగినదానికన్నా చాలా పెద్ద నిర్ణయం తీసుకున్నారు.

రుజువుకు చెల్లించే ధర

గీత నిజంగా తెగిందని ఎలా నిర్ధారించుకోవాలి? ఎడ్వర్డ్స్, మగీ 1948లో ప్రచురించిన పుస్తకం ఈ విద్యకు ఇప్పటికీ ప్రామాణికం. గీతకు సుమారు మూడు శాతం కింద ముగిస్తేనే తెగినట్టు లెక్కించాలని వారు సూచించారు. దీన్ని 2009 జూలైకి వర్తింపజేసి చూడటం ఆసక్తికరంగా ఉంటుంది.

జూలై 7న గీత 897.1. అందులో మూడు శాతం తగ్గిస్తే 870.2. సూచీ ఆ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా అంత కింద ముగియలేదు. అన్నిటికన్నా తక్కువైన 879.13 కూడా గీతకు రెండు శాతం పైచిలుకు కింద మాత్రమే ఉంది. జూలై 8న 869.32 వరకు దిగిన మాట నిజమే గాని ముగిసేసరికి పైకి వచ్చింది. కాబట్టి మూడు శాతం నియమాన్ని, అందులోనూ 'ముగింపు' అన్న మాటను, అక్షరాలా పాటించినవారికి ఆ ఆకృతి ఎన్నడూ పూర్తి కాలేదు. వారు ఏమీ అమ్మి ఉండరు.

ఇది విని ఆ నియమమే పరిష్కారమనుకోవడం తొందరపాటు. ఆ జాగ్రత్తకు ఒక వెల ఉంది. గీతనుంచి లక్ష్యం వరకు మొత్తం దూరం 55.6 పాయింట్లు. 870 దగ్గర రుజువు దొరికేసరికి అందులో 27 పాయింట్లు ఖర్చయిపోయి ఉంటాయి. మిగిలేది 29. నియమం పాటించి 870 దగ్గర అమ్మి, ధర తిరిగి గీతకు వస్తే తప్పు ఒప్పుకుందామనుకున్నవారికి గెలిస్తే 29, ఓడితే 27. రుజువు బలపడినకొద్దీ దానివల్ల వచ్చే ప్రయోజనం తగ్గుతుంది.

జూలై 7 ముగింపులో, 881.03 దగ్గరే అమ్మినవారి లెక్క వేరు. లక్ష్యం వరకు 39.5 పాయింట్లు. కుడి భుజాన్ని దాటితేనే తప్పు ఒప్పుకుంటామంటే నష్టం 46.2 పాయింట్లు. ఈ షరతులతో లాభనష్టాలు సమానం కావాలంటే ఇలాంటి ఆకృతులు వందలో 54 లక్ష్యాన్ని చేరాలి. గీతకు పైన ముగిసిన వెంటనే బయటపడతామంటే జూలై 13న 901.05 దగ్గర 20 పాయింట్ల నష్టంతో బయటపడేవారు. అప్పుడు వందలో 34 చేరినా చాలు. ఇది మెరుగైన బేరంలా కనిపిస్తుంది. అయితే గీత వరకు వచ్చి మళ్ళీ పడే పుల్‌బ్యాక్‌లలో కొన్ని గీతను కాస్త దాటుతాయి. అవి ఈ దగ్గరి హద్దును తాకి, నిజమైన ఆకృతులనుంచి కూడా మనిషిని బయటకు నెట్టేస్తాయి. హద్దు దగ్గరగా ఉంటే నష్టం చిన్నది, కానీ తరచుగా వస్తుంది. దూరంగా ఉంటే అరుదుగా వస్తుంది, కానీ పెద్దది. ఎంచుకోవలసిన రెండింటిలో ఏదీ ఉచితం కాదు. క్రయవిక్రయాల ఖర్చులు ఈ లెక్కలో చేర్చలేదు. చేరిస్తే బేరం ఇంకొంత బరువవుతుంది.

జబ్బును తొందరగా పసిగట్టాలనుకునే పరీక్షలు ఆరోగ్యవంతులను కూడా రోగులుగా చూపిస్తాయి. తప్పుడు హెచ్చరిక ఇవ్వకూడదనుకునే పరీక్షలు రోగం ముదిరాక గాని పలకవు. మెడ గీత విషయంలో జరిగేది కూడా ఇదే.

లెక్కకట్టి చూసినవారు

పటాల మీద నమ్మకం ఎంతవరకు సమంజసమో పరీక్షించినవారు ఉన్నారు. 1959లో హ్యారీ రాబర్ట్స్ యాదృచ్ఛిక సంఖ్యలతో ఒక కృత్రిమమైన ధరల వరసను తయారుచేసి పటంగా గీశాడు. అందులో తలాభుజాల ఆకృతి కూడా కనిపించింది. వెనక కొనేవారు, అమ్మేవారు, ఉత్సాహం, నిరుత్సాహం ఏమీ లేవు. కేవలం పాచికలు వేసినట్టు వచ్చిన అంకెలు. బొమ్మ కనిపించినంతమాత్రాన దాని వెనక కథ ఉందనుకోనక్కర్లేదని ఆ పటం చూపించింది.

1995లో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు తరఫున కేరల్ ఆస్లర్, కెవిన్ చాంగ్ 1973 నుంచి 1994 వరకు డాలరుతో ఆరు కరెన్సీల మారకపు రేట్లను తీసుకుని, ఈ ఆకృతిని కంప్యూటరు ప్రోగ్రాముతో గుర్తించి పరీక్షించారు. జర్మన్ మార్క్, జపాన్ యెన్‌ల విషయంలో ఆకృతిని అనుసరించినవారికి లాభం వచ్చింది. మిగిలిన నాలుగింటిలో రాలేదు. పైగా లాభం వచ్చినచోట కూడా ఇంతకన్నా తేలికైన నియమాలు ఇంకా మెరుగ్గా పనిచేశాయని వారు గమనించారు.

2000లో ఆండ్రూ లో, హ్యారీ మమేస్కీ, జియాంగ్ వాంగ్ 1962 నుంచి 1996 వరకు అమెరికా షేర్ల ధరలను పరిశీలించారు. కంటికి వదిలేయకుండా ఆకృతికి నిర్వచనం ఇచ్చారు: వరసగా ఐదు మలుపులు, మూడోది మొదటిదానికన్నా, ఐదోదానికన్నా ఎత్తు, రెండు భుజాలూ వాటి సగటుకు ఒకటిన్నర శాతం లోపల, రెండు పల్లాలూ వాటి సగటుకు ఒకటిన్నర శాతం లోపల. ఇటువంటి ఆకృతులు ఏర్పడిన తరువాత వచ్చే ధరల మార్పులు మామూలు రోజులవాటికన్నా కొంత భిన్నంగా ఉన్నాయని, అంటే ఆకృతిలో కొంత సమాచారం ఉందని వారు తేల్చారు. ఆ సమాచారంతో లాభం వస్తుందని మాత్రం అనలేదు.

ఆ నిర్వచనంతో 2009 మే, జూన్ అంకెలను కొలిస్తే అవి తేలిగ్గా నెగ్గుతాయి. రెండు భుజాలు సగటునుంచి 0.1 శాతం దూరంలో, పల్లాలు 0.6 శాతం దూరంలో ఉన్నాయి. అంటే ఆ ఆకృతి తప్పడానికి అది వికృతంగా, అస్పష్టంగా ఉండటం కారణం కాదు. ఇంతకన్నా పొందికైన తలాభుజాలు దొరకడం కష్టం. భుజాలు సరిగ్గా సమానంగా ఉన్నంతమాత్రాన బొమ్మ నిజమయ్యే అవకాశం పెరుగుతుందనుకోవడం కంటికి కలిగే భ్రమ.

ఇక మిగిలేది ఈ ఆకృతికి ఉన్న నిజమైన ఉపయోగం. అది ఏం జరగబోతున్నదో చెప్పలేదు. కానీ ఏ ధర దగ్గర ఒక అభిప్రాయం తప్పని ఒప్పుకోవాలో ముందే చెబుతుంది. 2009 జూలై 7న సూచీ పడుతుందని నమ్మినవారి చేతిలో రెండు అంకెలు ఉన్నాయి. ఒకటి 841, రెండోది 927. మొదటిదాన్ని మాత్రమే గుర్తుపెట్టుకున్నవారు సూచీ వేయి దాటుతున్నా పతనం కోసం ఎదురుచూశారు. రెండోదాన్ని కూడా కాగితం మీద రాసిపెట్టుకున్నవారికి జూలై 15 సాయంత్రానికి, ఆరు రోజుల్లో, జవాబు దొరికింది.